ఆపి ఆపి విప్పిన దర్రీ

మా తమ్ముడు ఉమాకాంత్ పోయింది ఒక మంగళవారం. ఆ రోజు గురించి ఇంతకన్నా రాయను.

కొత్తవాడలో నేసే దర్రీల మీద, అంటే నూలు తివాచీల మీద, వాడు ఒక స్లైడ్ షో తయారుచేసి ఉంచాడు. హైదరాబాద్‌లోని ఒక డిజైన్ కాలేజీ పిల్లలకు ఆన్‌లైన్‌లో దాన్ని చూపిస్తూ మాట్లాడాల్సి ఉంది. కాలేజీ నుంచి ఓంప్రకాశ్ సారు నాకు ఫోన్ చేసి, వాయిదా వేద్దామా అని మెల్లగా అడిగాడు. తమ్ముడి భార్య భవాని నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"ఎందుకు సార్? నేను చెప్త. ఆయన చేసిందంత పిల్లలు చూడాలె. ఒక్క బొమ్మ గూడ పోవద్దు."

ఆమె కూడా మగ్గం మీద కూర్చునే మనిషే. చెప్పగలదు. చిక్కంతా నెట్‌తోనే. సుబేదారిలోని మా ఇంట్లో మంచి వైఫై ఉంది. కానీ నెల మాసికం అయ్యేదాకా భవాని గడప దాటకూడదన్నారు. కొత్తవాడలో వాళ్ళింట్లో ఫోన్ హాట్‌స్పాట్ తప్ప ఏమీ లేదు. అక్కడ సిగ్నల్ కూడా అంతంత మాత్రమే.

ఆదివారం పొద్దున ముందుగా చూసుకుందామని బడిలో పాఠాలు చెప్పే నేను మా ఇంట్లో ల్యాప్‌టాప్ ముందు విద్యార్థిలా కూర్చున్నాను. భవాని అక్కడి నుంచి తన తెరను షేర్ చేసింది.

కొత్తవాడలో దర్రీని పరిచిపెట్టి చూపించరు. చుట్టను ఒక కొస నుంచి మెల్లగా దొర్లిస్తూ విప్పుతారు. కొనేవాళ్ళ చూపు దాని వెంటే నడవాలి. ఉమాకాంత్ స్లైడ్లు కూడా అలాగే చేశాడు. నొక్కగానే ప్రతి దర్రీ తెర మీద నెమ్మదిగా విప్పుకుంటుంది.

నా తెర మీద మొదటి దర్రీ సగం విప్పుకుని ఆగిపోయింది. రంగులు గళ్ళు గళ్ళుగా అలుక్కుపోయాయి. అంతలోనే తర్వాతి స్లైడు వచ్చిపడింది.

"ఎట్లున్నది వదినా?"

"సగమే కనపడ్డది."

"ఇక్కడ పూరా కనపడుతాందే!"

"నీకెందుకు కనపడదు? ఆ ల్యాప్‌టాప్ నీ ముందట్నే ఉన్నదాయె."

ఆమె పక్క నుంచి లక్ష్మీనర్సయ్య గొంతు వినిపించింది. నేతగాళ్ళ సంఘంలో అందరికన్నా పెద్దవాడు. "ఫోటోలు బరువైనయేమో. జర తేలిక చెయ్‌రి."

భవాని ఫోటోల సైజు తగ్గించింది. ఫైలు చిన్నదైంది కానీ దర్రీ మళ్ళీ సగంలోనే ఆగింది. అప్పుడు గమనించాను. అక్షరాలున్న స్లైడ్లు కొంచెం ఆలస్యమైనా శుభ్రంగా వస్తున్నాయి. కదిలేవే విరిగిపోతున్నాయి. తెర మీద ఎంత మారితే నెట్ అంత మోయాలి. ఫైలు బరువు కాదు, కదలిక బరువు.

"విప్పుకునుడు తీసెయ్యాలె భవాని."

"విప్పకుంట చూపిస్తే అది దర్రీ ఎట్లయితది?" లక్ష్మీనర్సయ్య ఊరుకోలేదు. "గోడకు అతికిచ్చిన సినిమా పోస్టరైతది!"

భవాని నవ్వింది. వాడు పోయాక ఆమె నవ్వు వినడం అదే మొదలు.

"విప్పుదాం పెద్దబాపు. ఆపి ఆపి విప్పుదాం."

ఒక్కో దర్రీని నాలుగు కదలని స్లైడ్లుగా చేసింది. ముందు కొస, తర్వాత అంచు, తర్వాత నడుమ దాకా, ఆఖరికి మొత్తం. మళ్ళీ షేర్ చేసింది. బొమ్మ మసకగా వచ్చి, ఒక్క క్షణంలో తేటపడింది. చారలన్నీ విడివిడిగా కనపడ్డాయి.

"వచ్చింది!" అని అరిచాను. బడిలో నేనెప్పుడూ అంత గట్టిగా అరవలేదు.

స్లైడు మార్చినప్పుడల్లా దాని నంబరు పైకి చెప్పమన్నాను. పాఠం చెప్పేటప్పుడు పేజీ నంబరు చెప్పడం మాకు అలవాటే. మొత్తాన్ని పీడీఎఫ్‌గా చేసి ఓంప్రకాశ్ సారుకు ముందే పంపాం.

క్లాసు రోజు నేను కొత్తవాడ వెళ్ళాను. కెమెరా ఆపేశాం. అయినా నెట్ ఈడుస్తోంది. చూస్తే, అదే హాట్‌స్పాట్ మీద లక్ష్మీనర్సయ్య ఫోన్‌లో కుస్తీ పోటీలు నడుస్తున్నాయి.

"పెద్దబాపూ, నీ కుస్తీ జర బంజెయ్!"

"గెలిచేటట్టున్నడు, ఒక్క నిమిషం..."

భవాని ఫోన్ లాక్కుని పక్కన పెట్టింది.

మొదటి రెండు దర్రీలు చక్కగా సాగాయి. మూడోదాని అంచు దగ్గర కనెక్షన్ పోయింది. భవాని ముఖం పాలిపోయింది. నేను నా ఫోన్‌లో ఓంప్రకాశ్ సారుకు కాల్ చేసి ఆమె చేతికిచ్చాను. ఆయన స్పీకర్ పెట్టి, మేం పంపిన పీడీఎఫ్‌ను క్లాసులో తెర మీద తెరిచాడు.

"పన్నెండో స్లైడు సార్," అంది భవాని.

"వచ్చిందమ్మా, చెప్పండి."

"ఇగ పదమూడు. ఇప్పుడు నడుమకొచ్చినం."

అవతల పిల్లలు "ఓ" అనడం వినిపించింది. భవాని లేచి నిలబడింది. ఎదురుగా నిజంగా దర్రీ ఉన్నట్టు చేత్తో దొర్లిస్తూ మాట్లాడసాగింది. లక్ష్మీనర్సయ్య కుస్తీ మాట మరిచిపోయాడు. ఒక్క బొమ్మ కూడా పోలేదు. చప్పట్లు ఫోన్‌లో పట్టలేదు.

ఆఖరి స్లైడు గ్రాఫ్ కాగితం మీద రంగులు నింపి వేసిన కొత్త నమూనా. ఆ దర్రీ ఎక్కడ దొరుకుతుందని ఒక అమ్మాయి అడిగింది.

"ఎక్కడ దొరకదు తల్లీ. ఆయన గీసిండు, అంతే," అంది భవాని.

ఆ నమూనా ఇంకా మగ్గం ఎక్కలేదు.