పదకొండు వాట్ల బల్బు

బిజినేపల్లిలో ఎరువుల షాపు గోవిందు ఇన్వర్టరు కొన్నది కరెంటు కోతల బాధ పడలేక కాదు. ఎదురింటి టీచరు కొన్నడని. టీచరు దాన్ని మెట్ల కింద పెట్టుకుంటే, గోవిందు ముందు గదిలో, గడపలోంచి చూస్తే కనబడేటట్టు బల్ల మీద పెట్టించాడు. బల్ల కింద బ్యాటరీ. దసరాకు దానికి పసుపు పూసి, కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసి, కొబ్బరికాయ కొట్టి నీళ్లు కూడా చల్లాడు. ఆ మీద ఆరు నెలలు దాని ముఖం చూసినవాడు లేడు.

వైరింగు చేసే మనిషి అడిగాడట, "ఏ గదులకు లైను ఇయ్యాలె సారూ?" అని. "ఇల్లంత ఇయ్యి. కరెంటు పోయినట్టు మా ఇంట్ల తెల్వొద్దు" అన్నాడు గోవిందు. ఆ మనిషి ఒక మాట చెప్పబోతే, "డబ్బులిచ్చేది నేనా నువ్వా?" అని నోరు మూయించాడు. పని చేసేవాడికి తెలుసు, డబ్బులిచ్చేవాడికి తెలియదు. మన దగ్గర పనులన్నీ ఇట్లనే అయితయి.

ఆ ఇంటి వెనక ఒక్క గదిలో తిరుపతమ్మ కిరాయికి ఉండేది. సబ్ సెంటర్ నర్సు. బల్మూర్ అవతల నల్లమల అంచున ఒక చెంచు పెంటలో, అంటే అడవి గూడెంలో, పుట్టి, హాస్టళ్లలో చదివి, ఊరూరు తిరిగి పిల్లలకు సూదులు వేసే ఉద్యోగం తెచ్చుకుంది. గోవిందుకు మాత్రం ఆమె ఎప్పుడూ "అడవి పిల్ల"నే. ఆమె గదికి ఫ్యాను లైను ఇవ్వలేదు. "అడవిల ఫ్యాన్లుండెనా?" అని నవ్వాడు. ఒక్క చిన్న బల్బుకు మాత్రం ఇన్వర్టరు వైరు లాగించి, ఆ సంగతి ఊర్లో పది మందికి చెప్పుకున్నాడు.

ఆ ఏడాది మార్చిలో వెస్టిండీస్‌లో వరల్డ్ కప్పు. మ్యాచులు మనకు సాయంత్రం మొదలయ్యేవి. ఏడింటి నుంచి తొమ్మిదింటి దాకా కరెంటు కోత. గోవిందుకు అంతకంటే మంచి తరుణం ఏం కావాలి? పొద్దున్నే షాపుకొచ్చిన రైతులకు, వీధిలో వాళ్లకు, ఎదురింటి టీచరుకు కూడా చెప్పాడు, "మా ఇంటికి రాండ్రి. మ్యాచు సూపిస్త."

ఇరవై మంది వచ్చారు. ముందు గదిలో పెద్ద కలర్ టీవీ, నాలుగు ఫ్యాన్లు, మూడు ట్యూబులైట్లు, మూలన కూలరు. లోపల ఫ్రిజ్. గోవిందు భార్య జోగులమ్మ అందరికీ మజ్జిగ తెచ్చింది. ఏడింటికి కరెంటు పోయింది. ఇన్వర్టరు ఎత్తుకుంది. గోవిందు చేతులు కట్టుకుని, తానే ఆ కరెంటు పుట్టించినట్టు నిలబడ్డాడు.

నిండా ఒక నిమిషం గడవలేదు. 'బీప్... బీప్... బీప్...' అని మొదలైంది. ఎర్ర లైటు వెలిగింది. అంతలోనే టీవీ, ఫ్యాన్లు, లైట్లు ఒక్కసారిగా ఆగిపోయాయి.

గోవిందు బటను నొక్కాడు. మళ్లీ వచ్చింది. మళ్లీ బీప్. మళ్లీ చీకటి. మూడోసారి డబ్బా మీద అరచేత్తో కొట్టాడు. యంత్రానికి సిగ్గుంటే అప్పుడే పనిచేసేది.

చీకట్లో ఎవరో అన్నారు, "పటేలా, ఆట చూడనిస్తవా, పిట్ట కూత ఇనిపిస్తవా?"

నవ్వులు. ఆ నవ్వులు గోవిందుకు తగలరాని చోట తగిలాయి. వెనక గది కిటికీలో దీపం వెలుగు కనబడింది. తిరుపతమ్మ ఆరిన బల్బు కింద కొవ్వొత్తి పెట్టుకుని రిజిస్టరు రాసుకుంటోంది. గోవిందు ఆమె గుమ్మం దగ్గరకు పోయి, ఇరవై మందికీ వినబడేటట్టు అరిచాడు.

"ఏం పెట్టినవే లోపల? హీటరా? ఇస్త్రీ పెట్టెనా? నీ అసొంటోళ్లకు కరెంటిస్తే గిట్లనే అయితది. అడవిల దీపానికి కూడ దిక్కు లేకుంటివి!"

తిరుపతమ్మ లేచి బయటికొచ్చింది. "అన్నా, నా దగ్గర బల్బు తప్ప ఇంకోటి లేదు. లోపలికొచ్చి చూడు" అన్నది.

"నాకేం చూసేది లేదు. ఆదివారం లోపల ఖాళీ చెయ్యి."

వచ్చినవాళ్లు చెప్పులు వెతుక్కున్నారు. ఒక్కరూ "అట్ల అనకు" అనలేదు. మజ్జిగ తాగిన మొహమాటం. తిరుపతమ్మ మెల్లగా బల్బు విప్పి హోల్డరు ఖాళీ చేసి గోవిందుకు చూపించింది. "ఇగో, తీసిన. ఇప్పుడు వేసి చూడు." గోవిందు వేయలేదు. వేస్తే ఏమవుతుందోనన్న భయం అప్పటికే మొదలైంది కాబోలు.

మర్నాడు పొద్దున కరెంటు ఉంది. గోవిందు షాపుకు పోయే ముందు తన తెల్లచొక్కా తానే ఇస్త్రీ చేసుకునేవాడు, జోగులమ్మ చేస్తే ముడతలు పడతాయని. ఇస్త్రీ పెట్టె వేడెక్కింది. ఫ్రిజ్, కూలరు, ఫ్యాన్లు నడుస్తున్నాయి. 'టప్' మని చిన్న శబ్దం. ఒక్క బీప్ కొట్టి ఇల్లంతా ఆగిపోయింది. ఎదురింట్లో టీచరు రేడియో మోగుతూనే ఉంది. ఇస్త్రీ తీసి బటను నొక్కితే డబ్బాలో ఒక్క దీపమూ వెలగలేదు.

"నిన్నటి పిల్ల దిష్టి" అన్నాడు గోవిందు, సగం ముడతలున్న చొక్కాలో షాపుకు పోతూ.

అదే రోజు సబ్ సెంటర్లో తిరుపతమ్మ తట్టు టీకా వేస్తుంటే, పసిపాపను ఎత్తుకుని యోహాను వచ్చాడు. నాగర్‌కర్నూల్ రోడ్డులో బ్యాటరీల షాపు అతనిది. తిరుపతమ్మ పాపకు సూది వేసి, కాగితం ఇస్తూ నిన్నటి సంగతంతా చెప్పింది. "నేను ఖాళీ చేసుడు చేస్తనే. కని దొంగ పేరు మీదేసుకొని పోను" అన్నది.

యోహాను ముక్కుతో నవ్వాడు. "పెద్దోళ్ల ఇండ్లల్ల ఇన్వర్టర్లు చెడిపోవు సిస్టరు. మనుషులే చెడగొడ్తరు. సాయంత్రం వస్త."

అయిదింటికి వచ్చాడు. గోవిందు గడప దగ్గరే ఆపబోయాడు, "నిన్నెవరు పిల్సిండ్రు?" అని. జోగులమ్మ లోపలినుంచి అన్నది, "నేను పిల్సిన. రానీయ్." అబద్ధమే. ఆమె ఆ ఇంట్లో భర్త ముందు చెప్పిన మొదటి అబద్ధమేమో. ఎదురింటి టీచరు, నిన్న వచ్చినవాళ్లలో నలుగురైదుగురు వాకిట్లో చేరారు. అవమానం చూడ్డానికి మన వాళ్లకు పిలుపు అక్కర్లేదు.

యోహాను ముందు స్విచ్చు ఆపి, గోడ ప్లగ్గు పీకాడు. డబ్బా వెనక నల్ల మూత తిప్పి, గాజు ఫ్యూజు తీసి వెలుతురుకు పట్టాడు. లోపల తీగ తెగి, గాజు నల్లబడింది.

"పొద్దుగాల ఇస్త్రీ చేసినవా సారూ?"

"నీకెవరు చెప్పిండ్రు?"

"నీ చొక్కా చెప్పింది. కరెంటున్నప్పుడు ఇంటి కరెంటంత ఈ డబ్బాలకెంచే పోతది. ఇస్త్రీ పెట్టె ఒక్కటే వెయ్యి వాట్లు. దాని మీద ఫ్రిజ్, కూలరు. ఈ చిన్న ఫ్యూజు ఎంత మోస్తది? ఇది పోయిందంటే గోడల కరెంటున్న సంగతి డబ్బాకు తెల్వదు. ఛార్జింగు ఎక్కదు."

గోవిందు లోపలికి పోయి ఒక రాగితీగ ముక్క తెచ్చాడు. "ఇది సుట్టు. గట్టిగుంటది, మల్ల పోదు."

యోహాను దాన్ని తీసుకుని కిటికీలోంచి బయట పారేశాడు. "ఫ్యూజు పోకుంటే ఇల్లు పోతది. ఏది పోవాల్నో నువ్వే చెప్పు." సంచిలోంచి అదే ఆంపియర్ల కొత్త ఫ్యూజు తీసి వేశాడు. ప్లగ్గు పెడితే కరెంటు దీపం వెలిగింది. ఛార్జింగు దీపం వెలగలేదు.

"జూసినవా? నీకు గూడ రాదు" అన్నాడు గోవిందు. అతని ముఖంలో ఆ పూట మొదటిసారి వెలుగు కనిపించింది.

యోహాను మళ్లీ ప్లగ్గు పీకి, స్విచ్చు ఆపి, బ్యాటరీ మీది ఎండిన బంతిపూలు పక్కకు నెట్టాడు. కింద వైర్లు కలిసే చోట తెల్లగా, నీలంగా పొడి పేరుకుని ఉంది. నడుమ పసుపు, కుంకుమ. ఒక బిగింపును రెండు వేళ్లతో పట్టుకుని తిప్పితే గిర్రున తిరిగింది.

వాకిట్లో టీచరు కిసుక్కున నవ్వాడు.

"దీనికి పూజ కాదు సారూ, పానా కావాలె. ఇది లూజున్నది. నిన్నటి లోడుకు వేడెక్కి ఇంకింత కరాబైంది. ఇంత బూజు నడుమనుంచి ఛార్జింగు ఎట్ల పోతది, బ్యాటరీల ఉన్నది బయటికెట్ల వస్తది?"

ముందు మైనస్ వైరు విప్పాడు, తర్వాత ప్లస్. జోగులమ్మను అడిగి వేడినీళ్లలో వంటసోడా కలిపించి, బ్యాటరీ మూతలు బిగుతుగా ఉన్నాయో లేదో చూసి, పాత బ్రష్షుతో కడిగాడు. నురుగు వచ్చింది. తుడిచి, గరుకు కాగితంతో రుద్దితే సీసం మెరిసింది. ఈసారి ప్లస్ ముందు, మైనస్ వెనక, పానాతో కదలకుండా బిగించి, పైన వాసెలిన్ పూశాడు. మూతలు తీసి చూసి, "దీంట్ల బోరు నీళ్లు పోసినవా?" అని అడిగాడు. గోవిందు చొక్కా ముడతలు సవరించుకున్నాడు. "డిస్టిల్డు వాటరే పొయ్యాలె" అని యోహాను నీళ్లు అడుగంటిన బ్యాటరీ గదుల్లో గీత దాకా పోశాడు.

ప్లగ్గు పెట్టాడు. ఛార్జింగు దీపం వెలిగింది.

"ఇగ సిస్టరు బల్బు సంగతి చూద్దాం" అన్నాడు. ప్లగ్గు మళ్లీ పీకి, ఇంట్లో అన్నీ వేయమన్నాడు. ఒక్క తిరుపతమ్మ బల్బు తప్ప. కూలరు తిరిగింది, ఫ్రిజ్ గుర్రుమన్నది, బీప్ మొదలైంది. ఇల్లు ఆగింది.

"ఇప్పుడెవరి హీటరు సారూ?"

యోహాను ఫ్రిజ్, కూలరు తీయించి, రెండు ఫ్యాన్లు, టీవీ, ఒక లైటు ఉంచాడు. తిరుపతమ్మ పోయి బల్బు పెట్టింది. బటను నొక్కాడు. ఇల్లు నడిచింది. నిమిషం, రెండు నిమిషాలు, అయిదు నిమిషాలు. బీప్ లేదు.

"ఈ డబ్బా మోసేది నాలుగు వందల ఎనభై వాట్లు. నువ్వు తొమ్మిది వందలు ఎత్తినవ్. ఫ్రిజ్ మొదలైనప్పుడు ఇంకా గుంజుతది. సిస్టరు బల్బు పదకొండు వాట్లు. పదకొండు!" అని యోహాను వేళ్లు చూపించాడు, చదువురాని వాడికి చూపినట్టు.

గోవిందు గొంతు సవరించుకున్నాడు. "అంటే కంపెనీ వాడు మోసం చేసిండు. నేను మొదట్నుంచీ అనుకుంటనే ఉన్న." తిరుపతమ్మ వైపు చూడకుండా, "ఆదివారం ఖాళీ చేసుడు ఏమొద్దులే. ఉండు. నేనేం మనసుల పెట్టుకోను" అన్నాడు.

తప్పు చేసినవాడే మనసులో పెట్టుకోనని క్షమించేస్తున్నాడు. గోవిందు అంతటివాడు మరి.

తిరుపతమ్మ అతని కళ్లలోకి చూసింది. "నువ్వు పెట్టుకోకున్నా నేను పెట్టుకున్న అన్నా. నిన్న ఇరవై మంది ముందర అన్నవ్. గా మాట తప్పని ఇప్పుడు గీ అయిదుగురి ముందర గూడ అంటలేవు. నేను పోత."

వాకిట్లో వాళ్లు మెల్లగా జారుకున్నారు. నిన్నటిలాగే ఈరోజూ వాళ్లకు చెప్పడానికి ఒక మాట లేదు.

ఆదివారం పొద్దున తిరుపతమ్మ సామాను సర్దుకుంది. ఒక ట్రంకు పెట్టె, పరుపు, గిన్నెల మూట. పాత బస్టాండు దగ్గర కాంతమ్మ అనే టిఫిన్ల ఆమె ఇంట్లో గది దొరికింది. అక్కడ ఇన్వర్టరు లేదు, కోత పడితే చిమ్నీ దీపమే. అయినా కాంతమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "అన్నం తిన్నవా బిడ్డా?" అని.

రిక్షా పిలవడానికి తిరుపతమ్మ వీధిలోకి వచ్చేసరికి జోగులమ్మ వాకిట్లోకి వచ్చింది. కొంగు నడుముకు చెక్కుకుని, ట్రంకు పెట్టె ఎత్తి నెత్తిన పెట్టుకుంది. "అక్కా, వద్దు, రిక్షా ఉన్నది" అని తిరుపతమ్మ అడ్డం పోయింది.

"నడువు" అన్నది జోగులమ్మ.

గోవిందు అరుగు మీద నిలబడి పిలిచాడు, "ఏందే ఇది, నలుగురు చూస్తుండ్రు!"

"చూడనీ" అని తిరిగి చూడకుండా జోగులమ్మ వీధి నడిబొడ్డున నడిచింది. టీచరు ఇంటి ముందు, మజ్జిగ తాగిపోయిన ప్రతి ఇంటి ముందు ఒక్క క్షణం ఆగి, పెద్దగా, స్పష్టంగా చెప్పింది, "తప్పు మాదే. గీ పిల్లది కాదు."

పాత బస్టాండు దాకా అట్లాంటి ఇండ్లు పదిహేను ఉన్నాయి. పదిహేను సార్లు చెప్పింది.