గీత పెట్టని గాజు

మా నాన్నా పెదనాన్నా గాజు కోసేవాళ్ళు. కిటికీలకు, అల్మారాలకు, ఫోటో ఫ్రేములకు, ఒక్కోసారి చేపల తొట్లకు కూడా. కింద షాపు, పైన రెండు పోర్షన్లు. మెట్లెక్కగానే ఎడమవైపు మేము, కుడివైపు పెదనాన్న, పెద్దమ్మ. వాళ్ళకు పిల్లల్లేరు. రెండు వంటిళ్ళకూ మధ్య ఒకటే గోడ. పెద్దమ్మ గిన్నె జారవిడిస్తే మా అమ్మకు తెలిసేది, అమ్మ నన్ను తిడితే పెద్దమ్మకు తెలిసేది. నన్ను తిట్టడం సులువు. నేను ఎదురు చెప్పను. ఎదురు కాదు, అసలేమీ చెప్పను. పెదనాన్న నన్ను 'మూగమొద్దు' అని పిలిచేవాడు, ముద్దుగానే.

ఆ బిల్డింగు మొదట అద్దెది. నేను చిన్న క్లాసులో ఉండగా ఓనరు అమ్ముతానంటే అన్నదమ్ములిద్దరూ చెరి సగం వేసుకుని కొన్నారు. అప్పటికి పెదనాన్నకు గుండె ఆపరేషన్ అయి ఎన్నాళ్ళో కాలేదు. మెట్లెక్కితే మధ్యలో ఆగి ఊపిరి తీసుకునేవాడు. దస్తావేజు రాసే ముందు లాయరు గారు ఒక ప్రశ్న అడిగి పంపించారట. ఎవరి సగం వాళ్ళకని రాయాలా, లేక ఇద్దరికీ కలిపి రాసి, ఒకరు పోతే మొత్తం రెండో వారికని రాయాలా, ఇంట్లో మాట్లాడుకుని రండి అన్నారట.

మాట్లాడింది మా అమ్మే. అందరి ముందూ చాలా బాగా మాట్లాడింది. అన్నదమ్ముల మధ్య గీత ఎందుకు, కలిసి కొన్నది కలిసే ఉండనివ్వండి, రేపు ఎవరో చుట్టం వచ్చి నాకింత అనకుండా ఉంటుంది అంది. పెదనాన్నకు కళ్ళు చెమర్చాయి. నా మరదలు బంగారం అన్నాడు. పెద్దమ్మ మాత్రం గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళింది.

మా వైపు వచ్చాక అమ్మ వేరేగా మాట్లాడింది. నేను నేల మీద కూర్చుని లెక్కలు చేసుకుంటున్నాను. నేనున్న చోట నేనున్నట్టు ఎవరికీ అనిపించదు. బావగారి సంగతి డాక్టర్లు చెప్పనే చెప్పారు కదా అని నాన్నతో అంది. ఆ తర్వాత వంటింటి గోడను వేలి కణుపులతో టకటక కొట్టి చూసి, "ఇది తీసేస్తే ఎంత పెద్ద హాలవుతుందో" అంది. నాన్న ఊరుకోమన్నాడు. కానీ రిజిస్ట్రేషన్ రోజున అమ్మ చెప్పినట్టే సంతకం పెట్టాడు.

పెదనాన్న పోలేదు. రోజూ నడిచాడు, ఉప్పు మానేశాడు, మెట్ల మధ్య ఆగడం కూడా మానేశాడు. పోయిన ఏడాది నాన్నకు దగ్గు మొదలైంది. మొదట గాజు పొడి అన్నారు, తర్వాత ఊపిరితిత్తుల ఫోటోలు తీశారు, ఆ తర్వాత డాక్టరు అమ్మను మాత్రమే గదిలోకి పిలిచాడు.

అప్పుడు అమ్మకు భయం పట్టుకుంది. మన సగం మాటేమిటి, మీ అన్నయ్యతో మాట్లాడండి, విడిగా రాయించండి అని నాన్న వెంట పడింది. నాన్నకు మొహమాటం. షాపుకు బాకీ ఉన్నవాడు ఎదురొస్తే తనే పక్క సందులోకి తిరిగే మనిషి.

"ఆయన మొహం చూసి నా వాటా విడగొట్టు అని నేనడగలేను," అన్నాడు. "వీలునామా రాస్తాను. అదైతే నేను పోయాకే కదా చదువుతాడు."

అలాగే ఇంట్లోనే రాశాడు. పక్కింటి మాస్టారూ, మాకు ఫ్రేములు చేసే వడ్రంగీ సాక్షులు. లాయరు దగ్గరికి వెళితే అన్నయ్యకు తెలిసిపోతుందని వెళ్ళలేదు. బిల్డింగులో తన సగం, స్కూటరు, బ్యాంకు డిపాజిట్ భార్యకూ కూతురికీ అని, గాజు కోసే కటరు ప్రత్యేకంగా కూతురికి అని రాశాడు. సెలవుల్లో ఆ కటరుతో నాకు గీత పెట్టడం నేర్పాడు మరి. కిరోసిన్‌లో ముంచాలి, స్కేలు వెంట ఒకేసారి లాగాలి, చెయ్యి ఆపకూడదు. గీత సరిగ్గా పడితే పలక దానంతటదే రెండవుతుంది. గీత లేకుండా విరిస్తే ఎటు పోతుందో దేవుడికే తెలుసు.

నాన్న పోయాడు. దాని గురించి ఇక్కడ రాయను.

ముందు బ్యాంకుకు వెళ్ళాం. నాన్నకూ అమ్మకూ కలిపి ఒక ఖాతా ఉంది. అమ్మ వీలునామా తీయబోతే ఆఫీసరు గారు వద్దన్నారు. ఖాతా తెరిచినప్పుడే ఇద్దరిలో బతికున్నవారిదే అని మీరిద్దరూ సంతకాలు పెట్టారు, డెత్ సర్టిఫికెట్ చాలు, ఆయన పేరు తీసేస్తాం అన్నారు. కూర్చున్న కుర్చీ వేడెక్కకముందే పని అయిపోయింది. నాన్న ఒక్కడి పేరున చిన్న డిపాజిట్ ఉంది. దానికి మాత్రం ఆఫీసరు గారు వీలునామా అడిగారు. వారసులెవరెవరో రాసివ్వాలి, నాన్న బాకీలుంటే ముందు అవి తీరాలి, కొంతకాలం పడుతుంది అన్నారు. అమ్మ దారంతా ఆ డిపాజిట్ గురించే విసుక్కుంది. మొదటి దాని గురించి, "చూశావా, కలిపి పెట్టుకుంటే ఎంత సుఖమో," అంది.

తర్వాత బిల్డింగు కాగితాల సంగతి తేల్చుకోవడానికి, పెదనాన్న, పెద్దమ్మతో కలిసి నలుగురమూ లాయరు గారి ఆఫీసుకు వెళ్ళాం. పాత ఫైళ్ళ వాసన వేసే చిన్న గది. మూడే కుర్చీలుంటే నేను బీరువాకు ఆనుకుని నిలబడ్డాను. అమ్మ వీలునామాను బల్ల మీద పెట్టి, వేళ్ళతో మడత సాపు చేసింది. పెదనాన్నకు వీలునామా ఉన్నట్టే తెలియదు. లాయరు గారు పైకి చదువుతుంటే ఆయన మెడ మెల్లగా వంగిపోయింది. కటరు దగ్గరకు వచ్చేసరికి కళ్ళు తుడుచుకున్నాడు.

చదవడం అయ్యాక లాయరు గారు దస్తావేజు తీసి రెండూ పక్కపక్కన పెట్టారు.

"ఈ వీలునామా మంచిదే అమ్మా. స్కూటరుకు పనికొస్తుంది, డిపాజిట్‌కు పనికొస్తుంది, కటరుకు పనికొస్తుంది. బిల్డింగుకు పనికిరాదు."

అమ్మకు అర్థం కాలేదు. సాక్షులున్నారు కదా అంది.

"వందమంది ఉన్నా అంతే. తనదైనదాన్నే ఎవరైనా వీలునామాలో ఇవ్వగలరు. వీలునామా మనిషి పోయాక మాట్లాడుతుంది. ఆ మనిషి పోయిన క్షణానే, ఈ దస్తావేజు ప్రకారం, బిల్డింగు మొత్తం అన్నగారిదైపోయింది. తమ్ముడి నుంచి వారసత్వంగా వచ్చింది కాదు. ఇద్దరిలో మిగిలింది ఆయన, అంతే. వారసులకు పంచడానికి అక్కడేమీ మిగలలేదు."

"మరి మేము వేసిన సగం డబ్బు?"

"డబ్బు వేశారు కాబట్టే మీ ఆయన పేరు ఇందులో ఉంది. సగం సగం అని రాయించుకుని ఉంటే ఆయన సగం ఇవాళ మీకు వచ్చేది. మీరు వద్దన్నారు."

అమ్మ వీలునామాను మళ్ళీ మడత పెట్టింది. తర్వాత అమ్మ అడిగింది, నాన్న బతికుండగా ఏమైనా చేసుండొచ్చా అని. లాయరు గారు కళ్ళజోడు తీశారు. ఎప్పుడైనా చేసుండొచ్చు అన్నారు. విడగొట్టుకుంటున్నానని కాగితం రాసి, అన్నగారికి తెలియజేసి, రిజిస్టరు చేయిస్తే సరిపోయేది. అన్నగారు ఒప్పుకోవాల్సిన అవసరం కూడా లేదు, తెలియజేస్తే చాలు.

"నాతో ఒక్క మాట చెప్పలేకపోయాడా?" అన్నాడు పెదనాన్న. ఎవరితో అన్నాడో తెలియదు. "నేనే ఆటో మాట్లాడి తీసుకొచ్చేవాణ్ణి కదా."

అమ్మ వెంటనే అందుకుంది. అయితే ఇప్పుడైనా ఇవ్వండి బావగారూ, మీ తమ్ముడి మనసులో ఏముందో తెలిసింది కదా, మీరు తలుచుకుంటే ఈ పిల్ల పేరున సగం రాయొచ్చు అంది. రాయొచ్చని లాయరు గారు కూడా అన్నారు. ఇక అది ఆయన ఆస్తి, ఆయనిష్టం. ఏమీ రాయకుండా ఉంటే మాత్రం ఆయన తర్వాత ఆయన వారసులకు పోతుంది, అందులో తమ్ముడి కూతురు ముందు రాదు.

పెదనాన్న నా వైపు చూశాడు. ఇస్తాడని అనిపించింది. ఆయన చెయ్యి బల్ల మీదకు, పెన్ను వైపు వచ్చింది కూడా.

 పెద్దమ్మ అమ్మ వైపు తిరిగింది.

"ఒక్కటి చెప్పు చెల్లీ. ఈయన ముందు పోయుంటే నాకు సగం ఇచ్చేదానివా?"

"అయ్యో, అదేం మాటక్కా. నువ్వు పరాయిదానివా?"

"హాలు చేద్దామనుకున్నావుగా. గోడకు అవతల నేనే ఉన్నాను, గిన్నెలు తోముతూ." పెద్దమ్మ గొంతు పెంచలేదు. "నాకు సరిగ్గా వినబడలేదేమోలే అని ఇన్నాళ్ళూ సర్దుకున్నాను. నీ కూతురు అక్కడే ఉంది. అది అబద్ధమాడదు. అమ్మడూ, నువ్వు చెప్పు. నేను తప్పుగా విన్నానా?"

అందరూ నా వైపు తిరిగారు. అమ్మ కళ్ళు పెద్దవి చేసింది. ఒక్క మాట చాలు. అవును పెద్దమ్మా, తప్పుగా విన్నావు. నాలుక అంచుదాకా వచ్చింది. పెద్దమ్మ మొహం చూశాను. తప్పుగానే విన్నానని చెప్పించుకోవాలని ఆవిడకే ఎక్కువ ఆశగా ఉన్నట్టుంది. నాకు నోరు రాలేదు. బీరువా హ్యాండిల్ పట్టుకుని నేల చూస్తూ నిలబడ్డాను.

పెదనాన్న చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నా చావుకు మరదలు లెక్క కట్టి కూర్చుందన్నమాట," అన్నాడు. "బంగారం అన్నాను నేను."

పిల్ల చదువు ఈ ఏడాది అయ్యేదాకా ఉండండి అన్నాడు. ఆ తర్వాత ఆయన ఒక్కసారీ మెట్ల మీద నన్ను మూగమొద్దు అని పిలవలేదు. పిలిచుంటే బాగుండేది.

ఇప్పుడు బస్టాండు వెనక ఒక గదిలో ఉంటున్నాం. బ్యాంకులో ఉన్నదానితో అద్దె కడుతున్నాం. దాని గురించి ఎవరూ మమ్మల్ని ఏమీ అడగలేదు, అది అమ్మది. కొత్త వాళ్ళకు అమ్మ నన్ను ఒకేలా పరిచయం చేస్తుంది. "నోరు తెరవకుండానే ఇల్లు పోగొట్టిన పిల్ల," అంటుంది. వాళ్ళు నవ్వాలో వద్దో తెలియక నా వైపు చూస్తారు.

ఈ గది కిటికీకి ఒక అద్దం లేదు. ఓనరు అట్ట పెట్టాడు. మా కిటికీ సంగతి వడ్రంగి చెప్పాడేమో, నిన్న పాత షాపు ముందునుంచి వస్తుంటే పెద్దమ్మ పిలిచి, ఒక గాజు ముక్కను పేపర్లో చుట్టి ఇచ్చింది. కొలత అడగలేదు, లోపలికి రమ్మనలేదు.  ఇంటికొచ్చి కటరును కిరోసిన్‌లో ముంచి గీత పెట్టాను. సరిగ్గానే విరిగింది. బిగించి చూస్తే గాలి ఆగింది.

అమ్మ వచ్చి అద్దం చూసింది. ఎక్కడిదని అడిగింది. చెప్పాను. అద్దం ఊడదీసి, మెట్ల కింద పెట్టి, మళ్ళీ అట్ట పెట్టేసింది.