చేతి పట్టీ చూడని అమ్మాయి

శిక్షణ ముగిసిన రోజు వార్డు సిస్టర్ తాను రాసిన ఉత్తరాన్ని నర్సింగ్ విద్యార్థిని చేతిలో పెట్టింది. ఆ పిల్లను వార్డంతా పిచ్చుక అని పిలిచేది. ఉత్తరంలో ఇలా ఉంది:

“రోగులు నిన్ను అడిగి మరీ పిలిపించుకుంటారు. పుండు కడిగేటప్పుడు నీ చెయ్యి తగిలినట్టే ఉండదంటారు. కానీ రెండుసార్లు, మందు ఇచ్చే ముందు రోగి చేతి పట్టీ మీద పేరు చూడలేదు. పేరేమిటని అడగకుండా ‘ఫలానా మీరే కదా’ అన్నావు. చెవులు వినపడనివాళ్లు దేనికైనా తలూపుతారు. రెండుసార్లూ నేను ఆపాను. ఇది సరిదిద్దుకోగల లోపమే. మరో నెల నా దగ్గరే చెయ్యి. మంచి నర్సువవుతావు.”

పిచ్చుక చదివి ముఖం పక్కకు తిప్పుకుంది. “రెండు కాదు సిస్టర్, మూడు.”

“ఏంటీ?”

“పొద్దున మీరు ఫోనుకెళ్లినప్పుడు, కిటికీ పక్క మామ్మకి పక్కావిడ బీపీ మాత్ర ఇచ్చేశాను. ‘నువ్విస్తే విషమైనా మింగుతానే’ అని నవ్వింది.”

“ఇప్పుడా చెప్పడం!”

డాక్టరుకు కబురు చేసి సిస్టర్ మామ్మ దగ్గరకు పరుగెత్తింది. బీపీ బాగా పడిపోయింది. కళ్లు తెరవకుండానే మామ్మ పిచ్చుక చెయ్యి పట్టుకుంది.

డాక్టరు సెలైన్ పెట్టించి వెళ్లాక సిస్టర్ ఉత్తరం వెనక్కి తీసుకుంది.

“మొదటి మాటలు కూడా కొట్టేస్తారా?” అంది పిచ్చుక.

“అవి నిజమే, ఉంటాయి. మందుల ట్రే నీకొదిలి వెళ్లింది నేనే, అదీ రాస్తాను. మరో నెల నా దగ్గరే అన్నాను చూడు, అదొక్కటీ ఇక నా చేతుల్లో లేదమ్మా.”