బస్సెక్కని మామిడిపండ్ల బుట్ట

సత్రపట్టి పాప్పమ్మాళ్‌కి కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. ఆ తెల్లవారి రాజపాళయం బస్సు ఆఫీసులోకి వచ్చినప్పుడు ఆమె గొంతు దాదాపు వినపడటం లేదు.

"తంబీ, నిన్న చెన్నై బస్సు రాలే. రెండు టికెట్ల డబ్బులు పూర్తిగా ఇచ్చేయి."

కౌంటరులో ఉన్న హరికృష్ణన్ కంప్యూటర్ చూసి నసిగాడు. "బస్సు పోయినట్టే ఉండాది పెద్దమ్మా. మీరే రాలేదని ఓనర్ ఇందులో ఎక్కించినారు. రాకుంటే రీఫండ్ లేదు."

రాలేదట! కొడుకు వినోత్‌తో బైపాసులో మూడు గంటలు నిలబడింది ఆమె. ఫోన్ చేస్తే ఎత్తిన పాపాన పోలేదు. డబ్బు సంగతి అటుంచితే, ఈ పొద్దు చెన్నైలో మనవరాలికి చెవులు కుట్టాలి. మేనమామ ఒడిలో కూర్చోబెట్టిగానీ కుట్టరు. ఆ మామ వినోతే. పొగరుతోనే రాలేదని వియ్యపురాలు అప్పుడే పాప్పమ్మాళ్ కూతురు సుగన్య దగ్గర సణిగిందట. ఆ మాట ఆమె గుండెల్లో ముల్లులా దిగింది.

అప్పుడే కమ్మగా వాసన వచ్చింది. మూలనున్న అట్టపెట్టెల వెనక్కి తొంగి చూసింది. తన మామిడిపండ్ల బుట్ట! బరువని నిన్న సాయంత్రమే పార్సిల్‌గా ఇచ్చి, రసీదు తీసుకుంది.

"బస్సు పోయిందంటివే, నా బుట్ట ఎందుకు పోలే? అదీ బైపాసుకి రాలేదా?"

బుట్ట మీద చీటీలో నిన్నటి తేదీ, అదే బస్సు నెంబరు, హరికృష్ణన్ సొంత చేతిరాత. ఆఫీసులో ఉన్నవాళ్ళంతా పక్కున నవ్వారు. అతనికీ నవ్వాగలేదు.

"నిజం చెప్తా పెద్దమ్మా. ఆరు టికెట్లే అయినాయని ఓనర్ బస్సు నిలిపినారు."

ఓనర్‌కి ఫోన్ చేశాడు. సగం ఇస్తానన్నాడు ఓనర్. మిగతాదానికి ఇంకోసారి ప్రయాణమన్నాడు.

"పూర్తిగా, పార్సిల్ డబ్బులతో. లేదంటే 1915కి ఫోన్ చేస్తా. కన్స్యూమర్ కంప్లైంట్ నెంబరు, మా సుగన్య పంపించింది," అంది పాప్పమ్మాళ్, ఇంకా చిన్న గొంతుతో.

కాసేపటికి డబ్బు మొత్తం చేతికొచ్చింది. ఆమె కదల్లేదు.

"బస్సు రాలేదని రాసి సీల్ వేసియ్యి తంబీ. నాకు అదే ముఖ్యం."

అతను రాసిచ్చాడు. దాన్ని ఫోటో తీసి కూతురికి పంపించింది. బుట్టలోంచి ఒక పండు తీసి అతని చేతిలో పెట్టింది. అతను తొక్క తీసేలోగా పాప్పమ్మాళ్ ఫోన్ మోగింది. వియ్యపురాలే.

"చీటీ చూసినా వదినా. తెలియక ఏమేమో అంటిని, మనసులో పెట్టుకోవద్దు. మామ లేకుండా చెవులెట్లా కుట్టేది? ఆదివారానికి పెట్టుకున్నాం. ఈసారి రైల్లో రండి. బుట్ట ఒళ్ళోనే పెట్టుకోండి!"

పాప్పమ్మాళ్ గొంతు మళ్ళీ పెద్దదైంది. వీధి చివరి దాకా వినపడేలా నవ్వింది.