ఉత్తరపు కాలువ వాక్యం

ప్రసంగంలోంచి ఒక వాక్యం మాయమైందని ఆమె గురువారం పొద్దున గమనించింది. ల్యాబ్ కంప్యూటర్ ముందు కూర్చుని, గడియారం చూసుకుంటూ పైకి చదువుతోంది. రెండో పేజీ చివర నాలుక తడబడింది. అక్కడ ఉండాల్సిన మాట లేదు.

పరిశోధన ముగిసే ముందు ప్రతి విద్యార్థీ తన సిద్ధాంత గ్రంథంలోని సారాన్ని పది నిమిషాల్లో, ఆ శాస్త్రం తెలియని జనానికి చెప్పాలన్నది ఆమె విశ్వవిద్యాలయ విభాగంలో నియమం. ఆమె వంతు వచ్చే గురువారం, పట్టణ గ్రంథాలయం హాల్లో. చెరువు చుట్టుపక్కల కాపురాలుండేవాళ్ళు వస్తారు, చేపలు పట్టేవాళ్ళ సంఘం వస్తుంది, మురుగునీటి శుద్ధి కేంద్రం ఇంజనీరు ముందు వరసలో కూర్చుంటాడు. మూడేళ్ళు ఆ చెరువు నీళ్ళు సీసాల్లో పట్టి పరీక్షించిన మనిషికి ఆ పది నిమిషాలు రాయడానికి మూడు వారాలు పట్టింది.

మొదలు బాగానే కుదిరింది. "మన చెరువుకి వచ్చింది ఆకలి రోగం కాదు, అజీర్తి. ఫాస్ఫరస్, నత్రజని అనేవి నాచుకి తిండి. మోతాదులో ఉంటే మంచివే. మనం రోజూ కుక్కి కుక్కి పెడుతున్నాం. నాచు ఒళ్ళు తెలియకుండా పెరుగుతుంది, చస్తుంది, అడుగుకి చేరి కుళ్ళుతుంది. ఆ కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు నీళ్ళలో ఉన్న ఆక్సిజన్ అంతా పీల్చేస్తాయి. అందుకే తెల్లవారుజామున చేపలు నోళ్ళు పైకెత్తి తేలతాయి."

ఆ తర్వాత రావాల్సిన వాక్యం ఇది: "ఉత్తరపు కాలువ నీళ్ళలో ఫాస్ఫరస్ చెరువు మధ్యలో కంటే ఆరు రెట్లుంది." ఉత్తరపు కాలువలో పారేది శుద్ధి కేంద్రం నుంచి వచ్చే నీరే. ప్రసంగం మొత్తానికి వెన్నెముకలాంటి ముక్క అది. అదే లేదు. ఎవరో ఏమరుపాటున చెరిపి ఉంటారనుకోవడానికి వీల్లేదు. ముందూ వెనకా వాక్యాలు చక్కగా అతుక్కునేలా "కాబట్టి" అన్న మాటను కూడా తీసేశారు.

ఆమె వాక్యాన్ని తిరిగి రాసింది. ఎవరితోనూ ఏమీ అనలేదు. శుక్రవారం పొద్దున తెరిచి చూస్తే మళ్ళీ లేదు.

ఆ కంప్యూటర్ అందరిదీ. ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఎవరు మార్చినా ల్యాబ్ పేరే పడుతుంది. ఇక ఆమె బుర్రలో పురుగు తొలవడం మొదలుపెట్టింది.

మొదటి అనుమానం గైడ్ మీద. రెండు వారాల కిందట ఆయన ఇంజనీరుతో క్యాంటీన్ మూల బల్ల దగ్గర చాలాసేపు కూర్చోవడం ఆమె చూసింది. తను దగ్గరికి వెళ్ళేసరికి ఇద్దరూ మాట మార్చారు. ఆ సాయంత్రమే గైడ్ అన్నాడు, "చూడమ్మా, వేలెత్తి చూపించడం మన పని కాదు. చెరువు సంగతి చెప్పు, చాలు." అప్పుడు తలూపింది. ఇప్పుడు ఆ మాట ముల్లులా గుచ్చుకుంటోంది.

రెండో అనుమానం సీనియర్ మీద. ప్రతిదానికీ గ్రాఫు గీస్తాడని ల్యాబ్‌లో అందరూ అతన్ని గ్రాఫన్న అంటారు. అతనికి ఈమధ్యే శుద్ధి కేంద్రంలో సలహాదారు పని దొరికింది. శుక్రవారం అతనే వచ్చి ఆమె భుజం మీదుగా తెర వైపు చూశాడు.

"ఎన్ని రెట్లన్నావ్ కాలువ దగ్గర?"

"ఎందుకన్నా?"

"ఊరికే అడిగా. పోయినేడు నాలుగు కదా."

"ఈ ఏడు పెరిగింది," అందామె ముక్తసరిగా. అతను పెదవి విరిచి వెళ్ళిపోయాడు. ఊరికే అడిగేవాడికి పోయినేటి అంకె అంత బాగా గుర్తుంటుందా అనుకుంది.

శనివారం ఇంట్లో పిన్నిని కూర్చోబెట్టి చదివి వినిపించింది. పిన్ని బట్టల దుకాణంలో లెక్కలు చూసే మనిషి. సైన్సంటే ఆమడదూరం పరిగెడుతుంది. అందుకే ఆమెకు అర్థమైతే హాల్లో అందరికీ అర్థమైనట్టే.

"ఒక్కటడగనా," అంది పిన్ని. "శుద్ధి చేసే చోటునుంచి వచ్చే నీళ్ళంటున్నావు. శుద్ధి చేశాక ఇంకా మురికెక్కడుంటుంది?"

"కంటికి కనిపించే మురికీ, కంపుకొట్టేదీ అక్కడ పోతుంది పిన్నీ. ఫాస్ఫరస్ కరిగిపోయి ఉంటుంది. దాన్ని విడిగా తీసే ఏర్పాటు ఆ కేంద్రంలో లేదు. నీళ్ళు తేటగానే కనిపిస్తాయి, నాచు తిండి మాత్రం అలాగే వచ్చేస్తుంది."

"మరి ఆ ముక్క ఇందులో లేదే."

ఆమె నిజంగానే అది రాయలేదు. రాసుకుంది. పిన్ని మళ్ళీ అడిగింది, "ఎందుకే అలా మొహం మాడ్చుకున్నావ్?"

విషయమంతా చెప్పింది. "వాళ్ళని అడిగేసెయ్ రాదూ," అంది పిన్ని.

"అడిగితే జాగ్రత్త పడతారు."

"నువ్వు పోలీసువా, చదువుకునే పిల్లవా?"

సోమవారం ఆమె వాక్యాన్ని మూడోసారి రాసి, బయటికి వెళ్తున్నట్టు సంచి తగిలించుకుని, పక్కనున్న పరికరాల గదిలోకి దూరింది. ఆ గది గాజు కిటికీలోంచి కంప్యూటర్ కనిపిస్తుంది. మధ్యాహ్నం భోజనాల వేళ. గైడ్ తొంగిచూసి, ఎవరూ లేరని వెళ్ళిపోయాడు. గ్రాఫన్న వచ్చి తన డబ్బా తీసుకుని పోయాడు. ఆమె కాళ్ళు తిమ్మిరెక్కాయి. తనమీద తనకే చిరాకు పుడుతుండగా, ల్యాబ్ బాబాయ్ వచ్చాడు.

ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ ల్యాబ్‌లో సీసాలు కడిగి, నమూనాలు సర్దే మనిషి. అందరికీ బాబాయే. ఆమె జ్వరంతో ఉన్నప్పుడు రెండుసార్లు వానలో తనే వెళ్ళి నీళ్ళు పట్టుకొచ్చాడు. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని, కుర్చీ అంచున కూర్చుని, ఒక్క వేలితో మీట నొక్కడం మొదలుపెట్టాడు. ఒక్కో అక్షరమే చెరిగిపోతోంది.

"బాబాయ్," అంది ఆమె వెనకనుంచి.

ఆయన ఉలిక్కిపడలేదు. వేలు అక్కడే ఆగిపోయింది.

"ఎవరు చెప్పారు నీకు తీసెయ్యమని? సారా? గ్రాఫన్నా?"

"ఎవరూ చెప్పలా."

"మరెందుకు?"

ఆయన లేచి, సింకు పక్క అలమర తెరిచి, కాలువ సీసాలు పెట్టే అర చూపించాడు. అందులోంచి ఒక సీసా తీసుకుని, దాంట్లో ఏమీ కలవని శుద్ధజలం పోసి, కాసేపు ఊపి, రంగు పరీక్ష పెట్టాడు. ఫాస్ఫరస్ ఉంటే నీళ్ళు నీలంగా మారతాయి. ఎంత ఎక్కువుంటే అంత చిక్కగా. శుద్ధజలం రంగు లేకుండానే ఉండాలి. కొన్ని నిమిషాలకు నీళ్ళలో పల్చటి నీలం దిగింది.

"శీతాకాలంలో ఫాస్ఫేట్ లేని ల్యాబ్ సబ్బు అయిపోయింది తల్లీ," అన్నాడు బాబాయ్. "కాలువ సీసాలు కంపు కొడతాయి కదా, వాటి వరకూ బట్టలుతికే పొడితో రుద్దాను. మిగతా చెరువు సీసాలు మామూలుగా ఆసిడ్ తోనే కడిగా. పోయిన వారం ఆ పొడి ప్యాకెట్ మీద ఫాస్ఫేటని చదివా, అంటే ఫాస్ఫరసే కదా. అప్పట్నుంచి అన్నం సయించట్లా."

"నాకు చెప్పకుండా చెరిపేస్తే సరిపోతుందా?"

"చెప్తే నీ థీసిస్ పోతుందనుకున్నా. చెప్పకపోతే నీ పరువు పోతుంది. ఆ ఒక్క ముక్కా లేకపోతే ఏ గొడవా ఉండదనుకున్నా. వచ్చే ఏడు రిటైరవుతా. సార్ మొహం చూళ్ళేనమ్మా."

ఆమెకు కోపం రావాల్సింది. రాలేదు. నాలుగు రెట్లున్నది ఒక్కసారిగా ఆరు అయినప్పుడు తను ఎగిరి గంతేసింది. ఎందుకు పెరిగిందని ఒక్క పూటైనా కూర్చుని ఆలోచించలేదు. గ్రాఫన్న అడిగితే కరిచినంత పనిచేసింది. ఈ నాలుగు రోజుల్లో గైడ్‌ని అనుమానించింది, సీనియర్‌ని అనుమానించింది, పిన్ని ముందు ఇద్దర్నీ దొంగల్ని చేసింది. తనకు నచ్చిన అంకెను మాత్రం అనుమానించలేదు.

ఆ సాయంత్రం బాబాయ్‌ని వెంటబెట్టుకుని గైడ్ గదికి వెళ్ళింది. అంతా చెప్పింది. గైడ్ బాబాయ్ వైపు తిరిగాడు.

"ఏ నెల నుంచి?"

"ఐదు నెలలు సార్."

"ఆ ఐదు నెలల కాలువ అంకెలు పక్కన పెట్టండి. అంతకుముందు రెండేళ్ళవి ఉన్నాయి. రేపు పొద్దున కొత్త సీసాలు ఆసిడ్‌లో నానబెట్టి, ప్రతి చోటికీ శుద్ధజలం మాత్రమే పోసిన ఒక పరీక్ష సీసా కూడా తీసుకెళ్ళండి." తర్వాత ఆమెతో అన్నాడు, "ఇంజనీరు నాతో క్యాంటీన్లో అన్నదేంటో తెలుసా? మీ పిల్ల కేంద్రం మీద పడుతుందట, అంకెలు గట్టివేనా అని. గట్టివే అన్నాను. మూడేళ్ళు నేను కూడా సీసా ఎత్తి చూళ్ళేదు."

అది నిజమో, తప్పించుకోవడానికన్నాడో ఆమెకు తెలియలేదు. అడగలేదు కూడా.

బుధవారం కొత్త ఫలితాలొచ్చాయి. పరీక్ష సీసాల్లో శుద్ధజలం రంగు మారలేదు. కాలువ దగ్గర ఫాస్ఫరస్ నాలుగు రెట్లకు కాస్త పైన. వాక్యం మారింది కానీ చావలేదు.

గురువారం హాలు నిండింది. ఆమె తొమ్మిది నిమిషాల నలభై సెకన్లలో ముగించింది. కాలువ దగ్గర నాలుగు రెట్లని చెప్పింది. వర్షం నీళ్ళతో వీధుల్లోంచి కొట్టుకొచ్చేది కూడా ఉందని చెప్పింది. అన్నిటికంటే చేదు ముక్క చివర్లో చెప్పింది: "కాలువను ఇవాళే ఆపేసినా చెరువు రేపే బాగుపడదు. ఇన్నేళ్ళుగా అడుగు బురదలో ఫాస్ఫరస్ పేరుకుంది. అడుగున ఆక్సిజన్ అయిపోయినప్పుడల్లా ఆ బురద దాన్ని మళ్ళీ నీళ్ళలోకి వదులుతుంది. ఏళ్ళు పడుతుంది. కానీ కాలువ ఆపకుండా బురద ఒక్కటే తోడితే, నిండుతున్న తొట్టిలో నీళ్ళు చెంబుతో ముంచి పారబోసినట్టే."

ఇంజనీరు లేచాడు. పల్చటి మనిషి, మాట మెత్తగా ఉంది. "నెల కిందట మీ ల్యాబ్ బోర్డు మీద ఆరు రెట్లని చూశాను. ఇప్పుడు నాలుగంటున్నారు. రేపు రెండంటారా?"

వెనక వరసలో బాబాయ్ తల దించుకున్నాడు.

"ఆరు తప్పండి," అంది ఆమె. "మా సీసాలు కడగడంలో పొరపాటు జరిగింది. చూసుకోవాల్సింది నేను, చూసుకోలేదు. ఐదు నెలల అంకెలు తీసేశాం. నాలుగు మాత్రం రెండేళ్ళుగా నిలబడింది."

చేపల సంఘం పెద్దాయన మధ్యలో అందుకున్నాడు. "తప్పు ఒప్పుకుంది కదా సార్. మీ కేంద్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో మీరు కొలుస్తారా?"

"కొలవమని నియమం లేదు," అన్నాడు ఇంజనీరు. ఆ మాట తన నోటి నుంచి వచ్చాక తనకే బాగా వినిపించినట్టుంది. కూర్చున్నాడు.

జనం కదిలాక మెట్ల దగ్గర ఆమెను ఆపాడు. "సోమవారం మీరు నీళ్ళు పట్టేటప్పుడు నేనూ వస్తాను. ఒకే బకెట్‌లో నీళ్ళు తీసి సగం మీకు, సగం మాకు. మా నమూనా వేరే ల్యాబ్‌కి పంపుతాను."

సాయమో ఎత్తుగడో పోల్చుకోలేక ఆమె అతని మొహంలోకి చూసింది. "సీసాలు ఎవరివి?" అని అడిగింది.

"ఎవరివి వాళ్ళవే."

"రెండు వైపులా శుద్ధజలం పోసిన పరీక్ష సీసాలు కూడా ఉండాలి."

"ఉండాలి," అన్నాడతను.

సోమవారం పొద్దున ఏడింటికి ఆమె, బాబాయ్ కాలువ గట్టుకు చేరేసరికి ఇంజనీరు అప్పటికే వచ్చి, ప్యాంటు చీలమండల పైకి మడిచి నిలబడి ఉన్నాడు. బాబాయ్ ఎవరినీ అడక్కుండా అతని పెట్టె మూత తీసి, ఒక సీసా వెలుగుకు ఎత్తి పట్టుకుని, అడుగుదాకా చూశాడు. మూతి దగ్గర వాసన చూశాడు.

"దేంతో కడిగారండీ వీటిని?" అన్నాడు.

ఇంజనీరు ఫోన్ తీసి తన కేంద్రానికి చేశాడు, కనుక్కోవడానికి. అవతల ఎవరో ఒకరు ఎత్తేదాకా ముగ్గురూ నీళ్ళు ముట్టకుండా గట్టుమీదే నిలబడ్డారు.