రెండు వైపులా జేబులే

నా భార్య పోయాక ఆమె ఫొటోకు ప్లాస్టిక్ ఫ్రేము కట్టించాడు నా బావమరిది. రేకు పనివాళ్ల ఇంటి ఆడపడుచుకు ప్లాస్టిక్. ఆ రోజు నుంచి నేను వాడితో మాట్లాడలేదు. వాడూ మాట్లాడలేదు. షాపు మాత్రం ఇద్దరిదీ కనుక రోజూ ఎదురెదురుగా కూర్చుని రేకులు కొట్టుకుంటున్నాం.

ఆ ఉదయం బేకరీ ఆవిడ వచ్చింది. వంటింటి పొగగొట్టం తుప్పు పట్టి ఊడిపోయిందట.

"సాయంత్రం పొయ్యి వెలిగించాలి పెద్దాయనా. అప్పటికి బిగిస్తే నా ఇంకో రెండు కొట్ల పనీ మీకే. లేకపోతే సెంటర్లో కొత్త షాపువాడికి ఇచ్చేస్తా."

"అవుతుందేమో ఆయన్ని అడగండి," అన్నాను.

"ఆయన అవుతుందంటే అవుతుంది," అన్నాడు బావమరిది గోడతో.

ఆవిడ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "మెడ నొప్పెడుతోంది నాకు," అని కొలతలిచ్చి వెళ్లిపోయింది.

నలుచదరపు గొట్టాన్ని రెండు సగాలుగా చేస్తాం. ఒక్కో సగం ఎల్ ఆకారం. ఒక సగం అంచుల్ని ముందుకూ వెనక్కూ మడిచి సన్నటి జేబులు చేయాలి. రెండో సగం అంచుల్ని నిలువుగా వంచాలి. నిలువంచు జేబులో దూరాక, పైకి మిగిలిన పెదవిని సుత్తితో వాల్చితే మూల బిగుస్తుంది. జేబులెవరివో, నిలువంచులెవరివో ముందే అనుకోవాలి. మా ఇద్దరి మధ్య మాటలు మోసే మనిషి ఫ్రేములో ఉంది.

నేను పెద్దవాణ్ని. జేబులు చేశాను. రెండు సగాలూ ఆనించి చూస్తే వాడివీ జేబులే.

వాడు ఒక బీడీ ముట్టించాడు. నేను రేకు వైపు చూశాను. అడిగితే పోయేది, అడగలేదు.

మధ్యాహ్నం వాడు తన సగం తీసుకుని అరుగు మీదకు పోయాడు. అలిగాడనుకున్నాను. పొయ్యి వెలిగే వేళ దగ్గరపడుతోంది. మూర్ఖుడితో పంతమెందుకని నా సగాన్ని పెరట్లోకి మోసుకుపోయి, కత్తెరతో జేబులు రెండూ కత్తిరించేశాను. నిలువంచుల పట్టీలు అతికిద్దామని. ఇది లొంగిపోవడం కాదు. పని.

లోపలికి వచ్చేసరికి వాడు తన సగంతో నిలబడి ఉన్నాడు. దానికీ జేబులు లేవు.

సరిగ్గా అప్పుడే ఆవిడ వచ్చింది.

"ఇదేంటి, పొద్దున ఇంతకంటే ఎక్కువుందే?"

నేను కొత్త రేకులోంచి రెండు పట్టీలు కోసి ఎల్‌గా వంచాను. మూలల దగ్గర తగ్గిన మేర అవి కప్పుతాయి, రివెట్లతో బిగించవచ్చు. వాడికి చెప్పకుండానే అర్థమైంది. పనిలో మూర్ఖుడు కాదు.

మొదటి మూల గొట్టం తెరిచి ఉండగానే అయిపోయింది. ఇద్దరికీ అన్నీ కనిపిస్తున్నాయి, మాట అక్కర్లేదు. రెండో మూలకు గొట్టం మూసుకుంది. వాడు భుజం దాకా చెయ్యి దూర్చి, లోపలి నుంచి రివెట్ తోసి, దాని తలకు ఇనుప దిమ్మ ఆనించాలి. బయట తోకను నేను కొట్టాలి. కొట్టాను. దిమ్మ పక్కకు జరిగింది. రివెట్ లోపల గలగలమంటూ పడింది. రెండోదీ పడింది.

"నేను ఆ కొత్త షాపుకి వెళ్తున్నా," అంది ఆవిడ చెప్పులు వెతుక్కుంటూ.

"కుడికి," అన్నాను.

గొట్టంలో చెయ్యి ఆగిపోయింది.

"నా కుడికి రేకు గోడ ఉంది బావా. ఎవరి కుడి?"

"నాది. అంటే నీకు లోపలికి."

"లోపలికి అని ఏడవొచ్చుగా."

"ఆనించు."

"ఆనించా. కొట్టు. వేలు మీద కాదు."

ఆవిడ చెప్పులు వదిలేసి స్టూలు లాక్కుని కూర్చుంది.

మూల బిగిసింది. కీళ్లలో వేడికి కరగని లప్పం నింపి, బండి మీద తీసుకెళ్లి బిగించాం. పొయ్యి వెలిగింది. పొగంతా కప్పు మీదకు పోయింది. మిగతా రెండు కొట్ల కొలతలు రేపు వచ్చి తీసుకోమంది ఆవిడ.

"ఇద్దరూ రండి. కానీ దార్లోనే అన్నీ మాట్లాడేసుకోండి," అంది.

తిరిగి వస్తుంటే వాడన్నాడు, "మా ఇంట్లో తిని పో బావా. అక్క ఉంటే నువ్వు ఈపాటికి తిని పడుకునేవాడివి."

రివెట్ల పని అయిపోయింది. పని మాట కానిదానికి జవాబివ్వనక్కర్లేదు. ఇవ్వలేదు. వెళ్లి తిన్నాను మాత్రం. పప్పులో ఉప్పు లేదు. చెప్పలేదు. వాడితో నాకు మాటల్లేవు.