ఎడమ చేతి అక్షరాలు

ఆ సాయంత్రం మా ఆయన వామన్‌రావు దఫ్తరు నుంచి వచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా మంచం మీద కూర్చున్నారు. సంచీలోంచి రెండు కాగితాలు తీసి పక్కన పెట్టారు. ఒకటి మెమో. రెండోది జిల్లాలకు పంపిన సర్క్యులరు ప్రతి. దాని నిండా ఎర్ర పెన్సిలు గీతలు.

ఆయన నాంపల్లిలో ఒక సర్కారు దఫ్తర్లో టైపిస్టు. దఫ్తర్లలో ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చిన రోజుల్లో నేర్చుకుని చేరారు. చేతుల వంక చూడకుండా, ఎదుటి కాగితం మీదనే చూపు పెట్టి కొడతారని పేరు. అర్జెంటు కాగితమేదైనా ఆయన బల్ల మీదికే వచ్చేది. కొన్నాళ్లుగా తప్పులు పడుతున్నాయనీ, కాగితం బయటికి తీసి చూసుకుని మళ్లీ కొడుతున్నాననీ ఆయన నాతో ఒకసారి అన్నారు. వయసు వస్తున్నదేమో అన్నాను. నలభై కూడా నిండలేదు.

ఈసారి కొట్టింది స్టెన్సిలు మీద. స్టెన్సిలంటే మైనం పూసిన కాగితం. సిరా రిబ్బను తప్పించి కొడతారు గనుక అక్షరం తెగుతుందే గాని నల్లగా పడదు. వెలుతురుకు ఎత్తి పట్టి, కష్టపడి చదువుకోవాలి. తొందర పని అని దాన్ని అలాగే ప్రతులు తీసే మిషను మీదికి ఎక్కించారు. ప్రతులన్నీ జిల్లాలకు వెళ్లాయి. ఒక జిల్లా నుంచి జవాబు కూడా వచ్చింది. తమరు పంపిన సర్క్యులరు ఏ భాషలో ఉన్నదో తెలియజేయగలరు అని.

సూపరింటెండెంటు భావనారాయణగారు గుంటూరు వైపు మనిషి. ఆ జవాబును సెక్షనంతా వినేలా చదివి, ఇంట్లో ఏవైనా ఇబ్బందులా, లేక సాయంత్రాలు కొత్త అలవాట్లేమైనా పడ్డాయా అని అడిగారట. అందరూ నవ్వారట. మెమోలో ఆ మాట లేదు. విధి నిర్వహణలో తీవ్ర అజాగ్రత్తకు మీ మీద ఎందుకు చర్య తీసుకోరాదో వారంలోగా వ్రాతపూర్వకంగా తెలుపవలెను అని ఉంది.

నేను సర్క్యులరు చేతిలోకి తీసుకున్నాను. కోఠి కాలేజీలో బీయే చదివేటప్పుడు సాయంత్రాలు ఆబిడ్స్‌లో వెంకటేశంగారి ఇన్‌స్టిట్యూట్‌లో టైపు నేర్చుకున్నాను. లోయర్ పరీక్ష పాసయ్యాను. పెళ్లయ్యాక ఆ విద్యతో పని పడలేదు. కాని వేళ్లు మరిచిపోలేదు.

మొదటి వరుసలు బాగున్నాయి. నాలుగో వరుస అంతా అడ్డదిడ్డం. అయిదోది మళ్లీ సరిగ్గా ఉంది. కొంత కిందికి పోతే మరో వరుస పాడు. పాడైన వరుసలో మధ్య మధ్య కొన్ని మాటలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఆన్ ఉంది. ఓన్లీ ఉంది. ఒపీనియన్ అంత పొడవు మాట ఒక్క అక్షరం తప్పకుండా ఉంది. దాని పక్కనే ది అనే చిన్న మాటలో టి ఉండాల్సిన చోట వై, ఈ ఉండాల్సిన చోట ఆర్. నడుమనున్న హెచ్ మాత్రం తన చోట తాను ఉంది.

నేను ఒళ్లో చేతులు పెట్టుకుని, మిషను ఉన్నట్టే వేళ్లు కదిపి చూశాను. టి కి కుడి పక్క కీ వై. ఈ కి కుడి పక్క కీ ఆర్. టి, ఈ రెండూ ఎడమ చేత్తో కొట్టేవి. హెచ్ కుడి చేతిది. ఒపీనియన్ మొత్తం కుడి చేతిదే. పాడైన వరుసల్లో ఇంగ్లీషు ‘ఏ’ అన్న అక్షరం ఒక్కటీ లేదు. ఎడమ చేయి ఒక కీ కుడికి జరిగి వాలింది గనుక, ఏ మీద ఉండాల్సిన చిటికెన వేలు ఎస్ మీద ఉంది. ఇక ఏ ని కొట్టే వేలే లేదు.

ఏ వరుస పాడైందో ఆ వరుస మొదటి అక్షరం నుంచే పాడైంది. వరుస చివర గంట మోగగానే ఎడమ చేయి లేచి, కాగితాన్ని కొత్త వరుసకు జరిపే క్యారేజి లీవరును నెట్టి, మళ్లీ వచ్చి తన చోట వాలుతుంది. కుడి చేయి కదలదు. లేచిన చేయి మాత్రమే చోటు తప్పుతున్నది. అజాగ్రత్త మనిషి రెండు చేతులా తప్పులు చేస్తాడు.

ఇది చెబితే ఆయన తల ఊపారు.

"నాకు ఎరుకే. వాలినప్పుడు తెలుస్తలేదు. అంతే."

నాకు ఆయన చేతి మీద పొక్కు గుర్తొచ్చింది. ఎడమ అరచేతి అంచున, చిటికెన వేలి కింద. మొన్న కూర గిన్నె దింపినప్పుడు కాలిందేమోనని నేను అడిగితే, ఎప్పుడైందో తెలియదన్నారు. అప్పుడు వెన్న రాసి ఊరుకున్నాను.

కండ్లు మూసుకోమన్నాను. చీర కొంగున ఉన్న పిన్నీసు తీసి, ముందు కుడి చేతి వేలి మీద మొన ఆనించాను. వెంటనే చేయి గుంజుకున్నారు. ఎడమ బొటన వేలికీ తెలిసింది. తరువాత చిటికెన వేలి మీద ఆనించి, కొంచెం నొక్కాను. ఇంకొంచెం నొక్కాను. చిన్న ఎర్ర చుక్క వచ్చింది.

ఆయన కండ్లు మూసుకునే ఉన్నారు.

"పెట్టు మరి," అన్నారు.

పిన్నీసు తీసి కొంగుకు పెట్టుకున్నాను. కండ్లు తెరవమన్నాను. ఆయన రక్తపు చుక్క చూసి, లేచి పోయి కాళ్లు కడుక్కున్నారు. నేను బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాను. అన్నం ఉడికేదాకా అక్కడే కూర్చున్నాను.

మమ్మల్ని ఎవరూ గుర్తుపట్టకూడదని లక్డీకాపూల్ అవతల ఒక డాక్టరు దగ్గరికి పోయాము. ఆయన దూది పీచుతో చేయి తడిమాడు. ముంజేతి మీద పాలిపోయిన మచ్చ ఒకటి చూపించాడు. మేము దాన్ని ఎండకు వచ్చిందనుకున్నాము. అక్కడ చెమట పట్టదట. మోచేతి వెనక నరాన్ని పట్టి చూసి, నా వేళ్లతో కూడా పట్టించాడు. దారంలా ఉండాల్సింది తాడులా ఉంది. నన్ను కూడా పరీక్ష చేసి, ఏమీ లేదన్నాడు.

రోగం పేరు ఇంగ్లీషులో చెప్పాడు. మా ఊళ్లలో దాన్ని కుష్టు అని పేరు పెట్టి పిలవరు. పెద్దరోగం అంటారు. తెల్ల గోళీలు ఏండ్ల తరబడి మింగాలన్నాడు. రోగం ఆగుతుంది గాని, పోయిన స్పర్శ వస్తుందని చెప్పలేనన్నాడు.

"అంటుకునే రకం కాదమ్మా," అన్నాడు నాతో. "కాని ఆ మాట మీరు నమ్మితే సరిపోదు."

సరిపోదని నాకు తెలుసు. మా ఇంటి ఓనరు జయమ్మ నిరుడు వెనక పోర్షను వాళ్లకు టీబీ అని తెలియగానే సామాన్లు బయట పెట్టించింది. వాళ్లు కూర్చున్న అరుగును సున్నం నీళ్లతో కడిగించింది. ఆ పూట నేను ఆమెకు నీళ్లు తోడిచ్చాను.

ఇక మెమోకు జవాబు రాయాలి. నేను సర్క్యులరును భావనారాయణగారి ముందు పెట్టి, ఎడమ అక్షరాలు వేరు, కుడి అక్షరాలు వేరు చేసి చూపిద్దామన్నాను. తాగిన చేయి ఇంత వరుసగా తప్పదు. పక్క అక్షరం పెట్టుకుంటూ పోతే సర్క్యులరంతా చదవవచ్చు. నేను పెన్సిలుతో పైన రాసి చదివాను కూడా.

ఆయన నా పెన్సిలు రాతలు మొత్తం చదివారు. బాగా పట్టినవ్ అన్నారు. ఆ తరువాత కాగితం మడిచారు.

"చూస్తడు శశీ. అంతా చూసి, ఎడమ చెయ్యే ఎందుకు తప్పింది అని అడుగుతడు. గప్పుడేం చెప్తవ్?"

దెబ్బ తగిలిందంటే దవాఖాన సర్టిఫికెట్టు అడుగుతారు. జబ్బు అంటే మెడికల్ బోర్డుకు పంపుతారు. బోర్డు నుంచి దఫ్తరుకు, దఫ్తరు నుంచి మా సందుకు దూరం ఎంతో కాదు.

"అజాగ్రత్త అని రాస్త," అన్నారు. "అజాగ్రత్తకు నౌకరి పోదు."

సుల్తాన్ బజారులో కొన్న చీర అట్టపెట్టె మూత ఒకటి ఉంది. దాని మీద కీబోర్డు గీశాను. వంటయ్యాక దాన్ని పీట మీద పెట్టి, ఆయన్ను ముందు కూర్చోబెట్టాను. నేను నోటితో గంట కొట్టేదాన్ని. ఆయన ఎడమ చేయి ఎత్తి, లేని లీవరును నెట్టి, తిరిగి వచ్చేవారు. మొదట్లో చూపు పైకే పోయేది. ఇన్నేండ్ల అలవాటు. "చేతి దిక్కు చూడున్రి" అని నేను ప్రతిసారీ అనాల్సి వచ్చేది. వేలికి తెలియనిది కంటికి తెలియాలి. చిటికెన వేలు ఏ మీద ఉన్నదా లేదా చూసుకోవాలి. అంతవరకే. ఒకసారి, "నేను చిన్నప్పుడు కూడా గింత తిట్లు తినలే" అన్నారు. నవ్వుతున్నారేమోనని చూశాను. నవ్వడం లేదు.

గడువు ముగిసే ముందు ఆదివారం ఆబిడ్స్‌కు పోయాము. వెంకటేశంగారు ముసలివారయ్యారు. నన్ను గుర్తుపట్టి, ఏం బిడ్డా, హయ్యర్‌కు కూర్చుంటవా ఏంది అని అడిగారు. మా ఆయన ఒక కాగితం కొట్టుకోవాలన్నాను. కిటికీ పక్క మిషను చూపించారు.

మా ఆయన కాగితం ఎక్కించి, అంచులు సరిచేసి, మొదలుపెట్టారు. నేను వెనక నిలబడ్డాను. గంట మోగినప్పుడల్లా ఆయన తల వంగింది. చేయి వాలింది. చూపు ఒక క్షణం దాని మీద ఆగి, మళ్లీ లేచింది. వెంకటేశంగారు దూరం నుంచి చూస్తున్నారు. దఫ్తర్ల పనిచేసేటాయన గూడా కీలు చూసి కొడుతున్నడా అని నాతో మెల్లగా అన్నారు. మా ఆయనకు వినపడింది. చేయి ఆగలేదు.

జరిగిన తప్పులు కేవలం నా అజాగ్రత్త వల్ల జరిగినవి, ఇకమీదట జరగనివ్వను, మన్నించ ప్రార్థన అని రాశారు. కాగితం తీసి నాకిచ్చారు. మొదటి నుంచి చివరి దాకా చూశాను. ఎడమ అక్షరాలు విడిగా, కుడి అక్షరాలు విడిగా చూశాను. తప్పు లేదు.

సోమవారం ఆయన మామూలు వేళకే ఇంటికి వచ్చారు. ఏమన్నారని అడిగాను. సర్వీసు పుస్తకంలో ఎర్ర సిరాతో హెచ్చరిక రాశారట. అంతటితో వదిలేశారట. భావనారాయణగారు జవాబు కాగితాన్ని సెక్షనంతటికీ ఎత్తి చూపించారట.

"మనసు పెడితే ఇంత చక్కగా వస్తుంది గదండీ వామనరావుగారూ అన్నడు," అని చెప్పారు. "అందరు జూసిన్రు."

"మీరేమన్నరు?"

"ఔ సార్ అన్న."

చాయ గ్లాసులో పోసి, కాలుతున్న గ్లాసును కొంగుతో పట్టి ఇవ్వబోయాను. ఆయన అలవాటుగా ఎడమ చేయి చాపారు. నేను గ్లాసు వెనక్కి తీసుకున్నాను. ఆయన చేతి వంక చూసుకుని, దాన్ని దించి, కుడి చేయి చాపారు. తాగిన తరువాత ఎడమ చేతిని దీపం దగ్గరికి తెచ్చి, వెల్లకిలా తిప్పి, బోర్లా తిప్పి, కొత్తగా కాలిందీ కోసుకున్నదీ ఏమైనా ఉందా అని వేలు వేలూ చూశాను. ఏమీ లేదు. గోళీ ఇచ్చాను. మింగారు. అట్టమూత తెచ్చి పీట మీద పెట్టాను.